క్లయింటు ఇబ్బందితో మొదలయ్యే ప్రపోజల్: మరి మన కంపెనీ చరిత్ర ఎక్కడ పెట్టాలి?

గాలిగొట్టం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ బాలానగర్‌లో స్క్రూ కంప్రెసర్లు అమ్మే ఒక డీలర్ దగ్గర సేల్స్ ఇంజనీరుని. చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లుకు వచ్చే వారం ప్రపోజల్ ప్రెజెంటేషన్ ఇవ్వాలి. వాళ్ల తరఫున మెయింటెనెన్స్ మేనేజరు, అకౌంట్స్ హెడ్, డైరెక్టరు కూర్చుంటారు. మాకు దొరికేది అరగంట.

మా ఆఫీసులో అందరం ఒకే ప్రెజెంటేషన్ వాడతాం. మొత్తం 26 స్లయిడ్లు. మొదటి 11 మా గురించే: సంస్థ ఎప్పుడు పెట్టారు, వ్యవస్థాపకుల ఫొటో, ఆఫీసు ఫొటో, సర్టిఫికెట్లు, శాఖల మ్యాపు, కస్టమర్ల లోగోలు. పన్నెండో స్లయిడ్‌లో కంప్రెసర్ కనిపిస్తుంది. మిల్లు పేరు మాత్రం మొదటి స్లయిడ్ దాటితే మళ్లీ ఎక్కడా రాదు.

మిల్లుకు వెళ్లినప్పుడు మేనేజరు గారు చెప్పినవి రాసుకున్నాను. నూలును కోన్లకు చుట్టే ఆటోకోనర్ల దగ్గర గాలి ఒత్తిడి పడిపోతోంది, దానితో తెగిన నూలుకు గాలితో స్ప్లైసర్ వేసే అతుకులు బలంగా రావడం లేదు, నూలు కొన్న నిట్టింగ్ యూనిట్ల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. రెండోది కరెంటు బిల్లు. మూడోది, ఇప్పుడున్న 75 కిలోవాట్ల కంప్రెసర్ పాతది, ఆగిపోతే సర్వీసు వాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు.

ఈ మూడింటి చుట్టూ ప్రెజెంటేషన్ మొత్తం తిరగరాయాలని ఉంది. మా యజమాని ఒప్పుకోవడం లేదు. ‘మనమెవరో ముందు చెప్పకపోతే మన మాట ఎందుకు వింటారు?’ అంటున్నారు. ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి, చరిత్ర పూర్తిగా తీసేయాలా? తీసేయకపోతే ఎక్కడ పెట్టాలి?

రంగుల_రాట్నం

స్లయిడ్లు ఎక్కువైనా పరవాలేదు, డిజైన్ బాగుండాలి. ముదురు నీలం నేపథ్యం, తెల్ల అక్షరాలు, స్లయిడ్‌కు ఆరు పంక్తులు మించకుండా చూసుకోండి. చరిత్రను టైమ్‌లైన్‌గా మార్చి, ఒక్కో సంవత్సరం ఎగురుతూ వచ్చేలా యానిమేషన్ పెడితే 11 స్లయిడ్లు మూడింటిలో ఇమిడిపోతాయి. కావాలంటే నా దగ్గర టెంప్లేట్ ఉంది, పంపిస్తాను.

గాలిగొట్టం

ధన్యవాదాలండీ. కానీ నా సందేహం డిజైన్ గురించి కాదు, వరుస గురించి. ఏది ముందు రావాలి, ఏది తర్వాత అని.

పాత_కాపు

పరిశ్రమలకు యంత్రాలు అమ్మడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది, ఈ మధ్యే విశ్రాంతి తీసుకున్నాను. మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాకు రెండు సంగతులు తెలియాలి. మీరు రాసుకున్నవి మేనేజరు గారి ఫిర్యాదులు. అవి మిల్లు ఇబ్బందులో కాదో ఇంకా తేలలేదు.

ఒత్తిడి పడిపోతోంది అన్నారు. ఎక్కడ పడిపోతోంది? కంప్రెసర్ గదిలోని గేజి ఎంత చూపిస్తోంది, అదే సమయంలో చివరి ఆటోకోనర్ దగ్గర ఎంత ఉంది? గదిలోనే పడిపోతుంటే గాలి చాలడం లేదని అర్థం. గదిలో సరిగా ఉండి చివర పడిపోతుంటే తప్పు పైపులోనో ఫిల్టర్‌లోనో ఉంది. ఇది తేల్చుకోకుండా ఏ వరుసలో పెట్టినా మీ ప్రపోజల్ ఊహ మీదే నిలబడుతుంది.

రెండోది, కరెంటు బిల్లు ఎక్కువ అన్నది ప్రతి మిల్లూ చెప్పే మాటే. అందులో గాలి వాటా ఎంతో మీరు కొలిచారా?

గాలిగొట్టం

రెండోసారి వెళ్లినప్పుడు కొలిచాను. గదిలో 7.1 బార్, చివరి ఆటోకోనర్ దగ్గర 5.8. ఫిల్టర్‌కు ముందూ వెనుకా చూస్తే అక్కడొక్కచోటే 0.6 బార్ తేడా ఉంది.

మిల్లుకు సెలవు వచ్చిన రోజున మేనేజరు గారి అనుమతితో లీకుల పరీక్ష కూడా చేశాం. యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడిపితే 90 సెకన్లు లోడులో, అంటే గాలి నింపుతూ, 210 సెకన్లు అన్‌లోడులో, అంటే గాలి నింపకుండా ఉత్తినే తిరుగుతూ నడిచింది. అంటే దాని సామర్థ్యంలో 30 శాతం గాలి లీకుల్లోనే పోతోంది. మామూలు రోజుల్లో 80 శాతం సమయం లోడులో ఉంటోంది. మీటరు పెట్టి చూస్తే లోడులో 82 కిలోవాట్లు, అన్‌లోడులో 27 తీసుకుంటోంది.

పాత_కాపు

ఇంత చేతిలో పెట్టుకుని వ్యవస్థాపకుల ఫొటోతో మొదలుపెడతారా!

చూడండి, వాళ్ల మొదటి ఇబ్బందికి కారణం దొరికేసింది. 1.3 బార్ దారిలోనే పోతోంది, అందులో దాదాపు సగం ఒక్క ఫిల్టర్ మింగేస్తోంది. శుభ్రంగా ఉన్న ఫిల్టర్ 0.1, 0.2 బార్‌కు మించి తీసుకోకూడదు. ఎలిమెంట్ మార్చి చాలా కాలమై ఉంటుంది. మిగిలిన 0.7 పైపులో పోతోంది. ఆటోకోనర్లు తర్వాత చేర్చినవైతే పాత పైపు చివరి నుంచే లైను పొడిగించి ఉంటారు. ఇప్పుడు మీ కొత్త కంప్రెసర్ తెచ్చి అక్కడ పెట్టినా చివరి ఆటోకోనర్ దగ్గర ఒత్తిడి అలాగే ఉంటుంది, అతుకులూ అలాగే ఉంటాయి. ఆరు నెలల తర్వాత డైరెక్టరు గారు మిమ్మల్ని పిలిచి అడుగుతారు.

నేనైతే మొదటి స్లయిడ్‌లో ఒక్క వాక్యం రాస్తాను: ‘ఆటోకోనర్ దగ్గర 5.8 బార్, కంప్రెసర్ గదిలో 7.1 బార్.’ దాని కింద మేనేజరు గారు అన్న మాటలే, వీలైతే ఆయన వాడిన పదాలతోనే. రెండో స్లయిడ్‌లో గాలి నడిచే దారి బొమ్మ వేసి, ఎక్కడ ఎంత ఒత్తిడి పోతోందో గుర్తు పెట్టండి. అది చేత్తో గీసిన బొమ్మైనా సరే, వాళ్ల మిల్లుదై ఉండాలి. మూడోది లీకుల పరీక్ష. ఆ తర్వాతే ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో చెప్పండి.

కవరు_రెండు

నేను ప్రభుత్వ రంగ సంస్థల టెండర్లు చూస్తాను. పాత_కాపు గారి మాట వినడానికి బాగుంది కానీ నా అనుభవం వేరు. మా దగ్గర ముందు సాంకేతిక కవరు తెరుస్తారు. గత మూడేళ్ల టర్నోవరు, ఇలాంటి పని ఇంతకుముందు చేసినట్టు ధ్రువపత్రాలు, ఇవి లేకపోతే ధర కవరు తెరవనే తెరవరు. కంపెనీ చరిత్ర లేకుండా ప్రపోజల్ అన్నదే లేదు. మీ యజమాని చెప్పింది సరైనదే, అన్నీ ముందే పెట్టండి.

గాజువాక_పర్చేజ్

నేను బల్లకు అటు వైపు కూర్చునే మనిషిని. విశాఖలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగం చూస్తాను. కవరు_రెండు గారు చెప్పింది టెండరు కాగితాలకు అక్షరాలా నిజం. కానీ అక్కడ కూడా చరిత్ర కాగితం మీద ఉంటుంది, ఎవరో చదివి టిక్కు పెడతారు. ఎవరూ నిలబడి వినిపించరు.

ప్రైవేటు మిల్లులో ఆ పని ఇంకా ముందే అయిపోయి ఉంటుంది. మిమ్మల్ని ప్రెజెంటేషన్‌కు పిలిచారంటే మీ జీఎస్టీ నంబరు, మీరు ఏ బ్రాండుకు డీలరో, ఎవరికి అమ్మారో పర్చేజ్ వాళ్లు చూసేసినట్టే. మళ్లీ పదకొండు స్లయిడ్ల పాటు అదే చెబితే డైరెక్టరు గారు ఫోను తీసి చూసుకుంటారు. నేను చాలాసార్లు గమనించాను, సరఫరాదారు తన ఆఫీసు భవనం ఫొటో చూపిస్తున్నప్పుడే మా వాళ్లు టీ చెప్పి పంపిస్తారు.

ఇంకో సంగతి. ఆ ముగ్గురూ మూడు రకాలుగా వింటారు. మేనేజరు గారికి కావలసింది రాత్రి షిఫ్టులో ఫోను మోగకపోవడం. డైరెక్టరు గారికి నూలు ఫిర్యాదులు. అకౌంట్స్ హెడ్ మాత్రం ఒక్కటే చూస్తారు, మీరు చెప్పే ఆదా అంకెలో కొలిచింది ఎంత, ఊహించింది ఎంత అని. ఆ రెండింటినీ స్లయిడ్‌లో వేరువేరుగా చూపిస్తే ఆయన మీ మిగతా మాటలు కూడా నమ్ముతారు.

వాల్వు_విజయం

అంకె అంటే గుర్తొచ్చింది, లెక్క నేను వేసి పెట్టాను. 82 కిలోవాట్లలో 30 శాతం అంటే 24.6. మిల్లు రాత్రింబవళ్లు నడుస్తుంది కాబట్టి ఏడాదికి 8,000 గంటలు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 13.78 లక్షలు. ‘లీకుల్లో మీరు ఏటా 13.78 లక్షలు పోగొట్టుకుంటున్నారు’ అని స్లయిడ్ నిండా ఎర్రటి అక్షరాలతో పెట్టండి. అకౌంట్స్ హెడ్ కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

మీటరు_మాస్టారు

కూర్చుంటారు, మెయింటెనెన్స్ మేనేజరు దాన్ని కొట్టిపారేసేదాకా.

నేను ఎనర్జీ ఆడిట్లు చేస్తాను. విజయం గారి గుణకారంలో తప్పు లేదు, కానీ ఆ లెక్క ఈ యంత్రానికి వర్తించదు. ఇది లోడు-అన్‌లోడు కంప్రెసర్. లీకు ఆపితే ఆ 30 శాతం సమయం యంత్రం ఆగిపోదు, అన్‌లోడులోకి వెళుతుంది. అక్కడ కూడా 27 కిలోవాట్లు తీసుకుంటూనే ఉంటుంది. కాబట్టి మిగిలేది 82కూ 27కూ మధ్య ఉన్న 55 కిలోవాట్లలో 30 శాతమే, అంటే 16.5. ఏడాదికి 9.24 లక్షలు.

అది కూడా లీకులన్నీ పోతేనే. నడుస్తున్న మిల్లులో లీకు సున్నాకు రాదు. జాగ్రత్తగా చూసుకుంటే 10 శాతానికి తేవచ్చు. అప్పుడు ఆదా 20 శాతం మీదే, అంటే 11 కిలోవాట్లు, ఏటా 6.16 లక్షలు. స్లయిడ్‌లో పెట్టాల్సిన అంకె ఇది. ‘82, 27, 30 శాతం ఇవి మేం కొలిచినవి. 8,000 గంటలు, 7 రూపాయలు, 10 శాతం ఇవి అనుకున్నవి’ అని పక్కనే రాయండి. యూనిట్ ధర మాత్రం వాళ్ల బిల్లు చూసి వేసుకోండి, ఊహించవద్దు.

గాలిగొట్టం గారూ, ఒక చిన్న అనుమానం. సెలవు రోజు పరీక్షలో యంత్రాల దగ్గరి వాల్వులు తెరిచి ఉంచారా, మూసేశారా? మూసి ఉంటే మీరు కొలిచింది మెయిన్ లైను లీకులే. యంత్రాల లోపలి గొట్టాల లీకులు అందులోకి రావు.

గాలిగొట్టం

తెరిచే ఉంచాం మాస్టారూ. కాబట్టి 30లో రెండూ ఉన్నాయి.

కానీ ఇప్పుడు నాకు వేరే సమస్య వచ్చింది. ఈ చర్చను మా యజమానికి చూపించాను. ‘ఫిల్టర్ మార్చు, పైపు మార్చు, లీకులు కట్టు. అన్నీ వాళ్లకు లాభమే. మరి మనం అమ్మేది ఏమిటి?’ అన్నారు. మేం ఇవ్వాలనుకున్నది గాలి అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకునే వీఎఫ్‌డీ కంప్రెసర్. ధర ఇరవై లక్షల పైమాట. క్లయింటు ఇబ్బందిని నిజాయితీగా చూపిస్తే మా సరుకే అక్కర్లేదని తేలేలా ఉంది.

మీటరు_మాస్టారు

తొందరపడకండి, ఇంకో లెక్క ఉంది. ఈ రోజు ఉన్న స్థితిలోనే వీఎఫ్‌డీ పెడితే ఏమవుతుంది? అన్‌లోడు సమయం 20 శాతమే. ఆ సమయంలో వృథా అయ్యేది సగటున 5.4 కిలోవాట్లు. వీఎఫ్‌డీ డ్రైవు కూడా కొంత తినేస్తుంది. చివరికి ఏటా రెండు లక్షల లోపే మిగులుతుంది. ఇరవై లక్షల యంత్రానికి ఆ ఆదా చూపిస్తే అకౌంట్స్ హెడ్ నవ్వుతారు.

లీకులు 10 శాతానికి తెచ్చాక చూడండి. యంత్రం లోడులో ఉండేది 60 శాతం, అన్‌లోడులో 40 శాతం. ఇప్పుడు వృథా 10.8 కిలోవాట్లు. డ్రైవు తినేది తీసేసినా ఏటా ఐదు లక్షల దాకా మిగులుతుంది. లీకులు ఆపాకే మీ కంప్రెసర్‌కు అసలు విలువ వస్తుంది. ఫిల్టర్, పైపు బాగుపడ్డాక గదిలో 7.1 పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు. ఒక బార్ తగ్గిస్తే కరెంటులో 6, 7 శాతం తగ్గుతుంది. పాత యంత్రానికైనా కొత్తదానికైనా ఇది వర్తిస్తుంది.

పాత_కాపు

మాస్టారు మంచి మాట చెప్పారు. మీ యజమానికి ఇదే చూపించండి. ప్రపోజల్‌ను రెండు దశలుగా చేయండి. మొదటి దశలో ఫిల్టర్, పైపు, లీకులు. అది పూర్తయ్యాక మళ్లీ కొలుస్తామని రాయండి. రెండో దశలో వీఎఫ్‌డీ యంత్రం, దాని ధరతో సహా. రెండో దశను దాచవద్దు. దాచి తర్వాత బయటపెడితే మొదటి దశ మొత్తం ఎర వేసినట్టు కనిపిస్తుంది.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఐదు లక్షల ఆదా మీద ఇరవై లక్షల యంత్రం నాలుగేళ్లకు పైగా పడుతుంది. అదొక్కటే చూపిస్తే డైరెక్టరు గారు ‘తర్వాత చూద్దాం’ అంటారు. యంత్రం కొనడానికి అసలు కారణం వాళ్ల మూడో ఇబ్బంది. పాత కంప్రెసర్ ఒక షిఫ్టు ఆగితే ఎన్ని ఆటోకోనర్లు ఆగుతాయి? ఎన్ని కిలోల నూలు ఆగుతుంది? ఈ అంకె మీరు ఊహించి రాయకూడదు, మేనేజరు గారినే అడగండి. గత ఏడాది ఎన్నిసార్లు ఆగిందో ఆయన లాగ్‌బుక్‌లో ఉంటుంది.

మీ చరిత్ర సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది. ఆగిపోతే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు? మీ టెక్నీషియన్ ఎక్కడ ఉంటారు?

గాలిగొట్టం

విజయవాడలో ఒకరు ఉన్నారు. అక్కడి నుంచి మిల్లుకు రెండు గంటల లోపే. ఇది మా పాత ప్రెజెంటేషన్ తొమ్మిదో స్లయిడ్‌లో ఉంది, శాఖల మ్యాపులో ఒక చుక్కగా!

పాత_కాపు

చూశారా? ఆ చుక్క ఒక్కటే మీ పదకొండు స్లయిడ్లలో మిల్లుకు కావలసింది. దాన్ని మ్యాపులోంచి తీసి వాక్యం చేయండి: విజయవాడలో మా టెక్నీషియన్ ఉన్నారు, రెండు గంటల్లో వస్తారు, మీ యంత్రానికి కావలసిన ఫలానా విడిభాగాలు స్టాకులో ఉంచుతాం. మిగతా పదింటినీ ఇలాగే చూసుకోండి. ఒక్కో స్లయిడ్‌ను పట్టుకుని ‘ఇది వాళ్ల ఏ భయానికి జవాబు?’ అని అడగండి. జవాబు ఉంటే ఆ భయం పక్కన పెట్టండి. లేకపోతే ఫైలులో చివర జత చేయండి.

లోగోల స్లయిడ్ నుంచి ఒక్క స్పిన్నింగ్ మిల్లును తీసుకోండి, వాళ్ల అనుమతితో. అక్కడ ఏం చేశారో రెండు వాక్యాలు చాలు. నలభై లోగోల కంటే గుంటూరు జిల్లాలో ఫోను చేసి అడగగలిగే ఒక మిల్లు పేరు ఎక్కువ పని చేస్తుంది.

ఎడిసన్_తెలుగు

నేను న్యూజెర్సీలో ఐటీ సేవల కంపెనీలో ప్రపోజల్స్ రాస్తాను. రంగం వేరైనా ఒక హెచ్చరిక చెప్పాలి. క్లయింటు ఇబ్బందులతో మొదలుపెట్టమని మాకూ శిక్షణ ఇస్తారు. ఒకసారి మా సీనియర్ ఒకాయన క్లయింటు కంపెనీలో సర్వర్లు ఎన్ని గంటలు ఆగిపోయాయో గ్రాఫుతో మొదలుపెట్టారు. అంకెలన్నీ నిజమే. కానీ ఆ సర్వర్లు చూసే అధికారి అదే గదిలో, తన పైఅధికారి పక్కన కూర్చుని ఉన్నారు. మా మాట చివరిదాకా విని, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ కాంట్రాక్టు మాకు రాలేదు. కారణం అదొక్కటే అని నేను ప్రమాణం చేయలేను కానీ, ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

మీ మిల్లులో ఫిల్టర్ మార్చని బాధ్యత ఎవరిది? మీకు సమాచారం ఇచ్చిన మేనేజరు గారిదే కదా!

గాజువాక_పర్చేజ్

ఇది చాలా ముఖ్యమైన మాట. డైరెక్టరు గారి ముందు ‘30 శాతం లీకు’ అని తెర మీద పడగానే ఆయన తల మేనేజరు వైపు తిరుగుతుంది. మేనేజరు గారు తనను కాపాడుకోవడానికి మీ కొలతనే తప్పుపడతారు. మనుషుల సహజం అది, తప్పుపట్టలేం.

అందుకే ప్రెజెంటేషన్‌కు ముందే ఆయనకు ఆ మూడు స్లయిడ్లు చూపించండి. ఏ అంకె ఎలా చూపాలో ఆయన్నే అడగండి. మా దగ్గరికి వచ్చే తెలివైన సరఫరాదారులు ఇంకో అడుగు ముందుకేస్తారు, కొలతల స్లయిడ్ వచ్చినప్పుడు ‘ఈ పరీక్ష మేనేజరు గారు చొరవ తీసుకుని చేయించారు’ అని మాట ఆయనకే అప్పగిస్తారు. మీ విషయంలో అది నిజం కూడా, సెలవు రోజున అనుమతి ఇచ్చింది ఆయనే కదా.

కవరు_రెండు

సరే, టెండరు వేరు, మిల్లు వేరు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. డైరెక్టరు గారు వీళ్లను మొదటిసారి చూస్తున్నారు. ఎవరో కుర్రాడు వచ్చి మీ ఫిల్టర్ పాడైంది, మీ పైపు సన్నం అంటుంటే, ‘అసలు నువ్వెవరివి?’ అన్న ప్రశ్న మనసులో మెదులుతూ ఉండదా? అది తీరకుండా ఆయన మిగతాది ఎలా వింటారు?

ఎడిసన్_తెలుగు

ఇందులో నేను కవరు_రెండు గారి వైపే. పదకొండు వద్దు, కానీ మొదట్లో ఒక స్లయిడ్ ఉండాలి. మేం ఫలానా బ్రాండు డీలర్లం, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాం, ఇంతే. అరనిమిషం.

పాత_కాపు

నేను ఒప్పుకోను. ‘మేం మీ మిల్లుకు రెండుసార్లు వచ్చాం, మేనేజరు గారితో కలిసి ఇవి కొలిచాం’ అన్న వాక్యం కంటే మంచి పరిచయం ఏముంది? బ్రాండు పేరు మీ విజిటింగ్ కార్డు మీదే ఉంటుంది. అయినా మీ యజమాని పట్టుబడితే ఆ ఒక్క స్లయిడ్ కోసం గొడవ పెట్టుకోకండి. ఒక్కటి ఉన్నంత మాత్రాన ఏ ప్రపోజలూ చెడదు. రెండోది రానివ్వకండి, అంతే.

వాల్వు_విజయం

ఫిల్టర్ ఎలిమెంట్ ఖర్చు ఎంతో తక్కువ కదా. మీరే ముందు ఉచితంగా మార్చేసి, ప్రెజెంటేషన్ రోజున ‘చూడండి, ఒత్తిడి పెరిగింది’ అంటే?

మీటరు_మాస్టారు

ఆలోచన బాగుంది, కానీ డైరెక్టరు గారు అక్కడితో ‘సమస్య తీరిపోయింది, ఇక మీతో పని లేదు’ అనే అవకాశం కూడా ఉంది. ఇంకో ప్రమాదం, ఆ ఎలిమెంట్ వేరే కంపెనీ ఫిల్టర్‌ది అయితే మీరు ముట్టుకున్నాక ఏది పాడైనా మీ మెడకే చుట్టుకుంటుంది. మిల్లు వాళ్ల చేతే, వాళ్ల ఖర్చుతోనే మార్పించి మీరు కొలత మాత్రం తీసుకోండి.

గాలిగొట్టం

అందరికీ ధన్యవాదాలు. ఇప్పటిదాకా ఏం జరిగిందో చెబుతాను.

మేనేజరు గారికి మొదటి మూడు స్లయిడ్లు ఫోనులో పంపాను. గంటలోపే ఫోను చేశారు. కోపం లేదు కానీ ఒక మార్పు అడిగారు. ఫిల్టర్ ఎలిమెంట్ కోసం ఆయన పోయిన ఏడాదే ఇండెంటు పెట్టారట, అకౌంట్స్‌లో ఆగిపోయిందట. ఆ సంగతి స్లయిడ్‌లో రాయమన్నారు. రాస్తే అకౌంట్స్ హెడ్‌కు ఇబ్బంది, రాయకపోతే ఈయనకు ఇబ్బంది.

మా యజమాని రెండు దశల పద్ధతికి ఒప్పుకున్నారు. మొత్తం తొమ్మిది స్లయిడ్లు అయ్యాయి. మా సంస్థ గురించిన ఒక్క స్లయిడ్ మొదట్లోనే ఉండాలని మాత్రం గట్టిగా అన్నారు. మిగతా చరిత్ర ఫైలు చివరికి వెళ్లింది. లాగ్‌బుక్‌లో కంప్రెసర్ ఆగిన వివరాలు కూడా దొరికాయి, అవి ఆరో స్లయిడ్‌లో పెట్టాను.

ఇండెంటు సంగతి ఏం చేయమంటారు?

పాత_కాపు

రాయకండి. మీరు వెళ్లేది యంత్రం అమ్మడానికి, వాళ్లలో ఎవరిది తప్పో తేల్చడానికి కాదు. ‘ఫిల్టర్ ఎలిమెంట్ మార్చాల్సి ఉంది’ అని మాత్రం రాయండి. ఎందుకు మార్చలేదని డైరెక్టరు గారు అడిగితే మేనేజరు గారే చెప్పుకుంటారు.

గాజువాక_పర్చేజ్

నేను కొంచెం వేరుగా చూస్తాను. అసలు రాయకపోతే మేనేజరు గారు తన మాట తీసేశారని అనుకుంటారు, మీకు ఆయన సాయం ఇంకా చాలా కావాలి. ‘ఎలిమెంట్ ఖర్చు ఇంత, అది మార్చనందువల్ల కంప్రెసర్ మీద పడుతున్న అదనపు కరెంటు ఏటా ఇంత’ అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. తేదీలు వద్దు, పేర్లు వద్దు. అకౌంట్స్ హెడ్‌కు అర్థమవుతుంది, ఆయనను ఎవరూ వేలెత్తి చూపినట్టూ ఉండదు. ఈ విషయం మేనేజరు గారికి ముందే ఫోనులో చెప్పండి.

ఇంకొకటి, తొమ్మిది స్లయిడ్లూ కాగితం మీద ముద్రించి మూడు సెట్లు తీసుకెళ్లండి. ఇలాంటి మిల్లుల్లో డైరెక్టర్లు చాలామంది తెర చూడరు, కాగితం మీద పెన్నుతో గీస్తూ వింటారు. ఆయన ఏ అంకె చుట్టూ గీత గీశారో చూసుకోండి.

మీటరు_మాస్టారు

0.6 బార్‌కు లెక్క కావాలంటే సుమారు 4 శాతం వేసుకోండి. అయితే అది గదిలో ఒత్తిడిని నిజంగా అంత తగ్గించినప్పుడే ఆదా అవుతుందని కింద రాయడం మరచిపోకండి. ఎలిమెంట్ మార్చి గేజి 7.1 దగ్గరే వదిలేస్తే బిల్లు తగ్గదు, చివరి ఆటోకోనర్‌కు ఒత్తిడి పెరుగుతుంది, అంతే. మీ మిల్లుకు ముందు కావలసింది అదే కాబట్టి, మొదట కొన్నాళ్లు అలాగే ఉంచి అతుకుల బలం చూడమనండి. ఒత్తిడి తగ్గించడం పైపు పని పూర్తయ్యాక.